తలనొప్పి మాత్రతో సరిపెట్టుకోకండి నాన్నా!



ఫోన్లో చెప్తే "సరేలేరా, చూద్దాం" అని మాట మార్చేస్తారు. ఉత్తరమైతే ఫ్రిజ్ మీద పెట్టుకుని రెండోసారైనా చదువుతారని రాస్తున్నాను. నెల రోజులుగా ఇద్దరూ తలనొప్పి అంటూనే ఉన్నారు. నాన్నకి పొద్దున్న లేవగానే తల బరువు. అమ్మకి సాయంత్రం సీరియళ్ల టైముకి కనుబొమ్మ పైన నొప్పి. పేరు ఒకటే అయినా ఇవి రెండూ ఒకే తలనొప్పి కాకపోవచ్చు. ఇక్కడ మాకు తెలిసిన తెలుగు డాక్టరుగారి దగ్గర కూర్చుని, మీరు చెప్పినవన్నీ చెప్పి, అడగాల్సినవి అడిగి వచ్చాను.

ముందు నాన్న సంగతి. "తల నొప్పి పెట్టినప్పుడే బీపీ మాత్ర వేసుకుంటున్నా, నొప్పి లేకపోతే బీపీ లేనట్టేగా" అన్నారు మీరు. ఆ మాట వినగానే డాక్టరుగారు తల పట్టుకున్నారు. బీపీ చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే ఎక్కువగా ఉంటుందట. మరీ విపరీతంగా పెరిగితే తప్ప తలనొప్పి రాదు. అందుకని తల తేలిగ్గా ఉన్న రోజున బీపీ మామూలుగా ఉందని అనుకోవడానికి లేదు. మీ అమ్లోడిపిన్ అరగంటలో పనిచేసే మాత్ర కాదు. రోజూ వేసుకుంటూ పోతే వారం పైన పడుతుంది దాని పూర్తి పని తెలియడానికి. దాంతోపాటు వేసుకునే నొప్పి మాత్ర వల్ల మీకు తల తగ్గుతోంది, పేరు మాత్రం బీపీ మాత్రకి వస్తోంది. పైగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వాడితే బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద కూడా భారం. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి డాక్టరుకి చూపించండి. మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారో, ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి. లేకపోతే ఆయన మందు చాలడం లేదనుకుని డోసు పెంచేస్తారు.

మొన్న షాపులో చూస్తే 160/94 వచ్చిందన్నారు. కూరల సంచీ మోసుకుంటూ ఎండలో నడిచొచ్చి, బల్ల మీద కూర్చోగానే, కబుర్లు చెబుతూ చూపించుకున్న లెక్క అది. దాన్ని కొట్టిపారేయనూ అక్కర్లేదు, నమ్మనూ అక్కర్లేదు. ఇంట్లో సరిగ్గా చూసుకుంటే తేలిపోతుంది. పెద్దత్త కొడుకు ఆదివారం మిషను తెస్తాడు. మణికట్టుకి పెట్టేది కాదు, జబ్బకి చుట్టేది తెమ్మన్నాను. కొనేముందు అమ్మ కుట్టుమిషను టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత తీయండి. మామూలు పట్టీ దాదాపు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. నాన్న చేయి అంతకంటే లావుంటే పెద్ద పట్టీ కావాలి, బిగుతు పట్టీతో బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

చూసుకునే పద్ధతి చెప్తాను. పొద్దున్నే బాత్‌రూముకి వెళ్లొచ్చాక, కాఫీకీ మాత్రకీ ముందు, వీపు ఆనించే కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పాదాలు రెండూ నేల మీద, కాలు మీద కాలు వద్దు. చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, వేలాడితే లెక్క పెరుగుతుంది. పట్టీ ఒంటి మీదే చుట్టాలి. అమ్మా, జాకెట్టు చేతిని పైకి మడిస్తే అదే ఇంకో పట్టీలా బిగుస్తుంది, వదులు చేతులున్నది వేసుకో. నాన్నా, మిషను నడిచే ఆ నిమిషం పేపరు వార్తల మీద వ్యాఖ్యానం ఆపాలి, మాట్లాడినా పెరుగుతుంది.

నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాయండి. 148/88, 142/86 వచ్చాయనుకోండి, ఆ పూట సగటు 145/87. మళ్లీ రాత్రి భోజనానికి ముందు రెండుసార్లు. అలా ఏడు రోజులు. మొదటి రోజు కొత్త కంగారు కాబట్టి అది వదిలేసి, మిగతా ఆరు రోజుల 24 లెక్కల సగటు తీయాలి. అది 135/85 దాటితే బీపీ అదుపులో లేనట్టు. ఆసుపత్రిలో 140/90 అనే గీత ఇంట్లో కొంచెం కిందికి వస్తుంది, ఎందుకంటే ఇంట్లో మనసు కుదురుగా ఉంటుంది. మొదటి రోజు రెండు చేతులకీ చూసి, ఎక్కువొచ్చిన చేతికే తర్వాత కూడా చూసుకోండి.

ఎప్పుడైనా 180/120 దాటితే అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయి పట్టు తప్పడం, చూపు తగ్గడం ఉంటే వెంటనే 108. ఎవరో చెప్పారని నాలుక కింద మాత్ర పెట్టుకోవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి రక్తం అందదు.

అమ్మా, ఇక నీ కళ్లు. జాతరలో కొన్న ఆ రెడీమేడ్ అద్దాలకి ఎన్నేళ్లయిందో నీకే గుర్తులేదు. వాటికి రెండు కళ్లకీ ఒకే పవరుంటుంది, నీ కళ్లు రెండూ ఒకేలా ఉన్నాయో లేదో ఎవరూ చూడలేదు. గోడ మీది క్యాలెండరు ముందు ఒక కన్ను అరచేత్తో మూసి, తర్వాత రెండోది మూసి చదివి చూడు. తేడా నీకే తెలుస్తుంది.

నన్ను ఆపిన మాట వేరే ఉంది. "నొప్పి వచ్చినప్పుడు వీధి లైటు చుట్టూ రంగుల సున్నాలు కనబడుతున్నాయిరా" అన్నావు. శుక్లం ముదిరినా అలా కనబడొచ్చట. కానీ దగ్గర చూపు అద్దాల్లోనే కాదు, దూరానికి కూడా ప్లస్ పవరు అవసరమయ్యే కళ్లు చిన్నగా ఉంటాయి. కంట్లో ఊరే నీరు బయటికి పోయే మూల వాళ్లలో ఇరుకుగా ఉండొచ్చు. అరవై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. సాయంత్రం లైట్లార్పి టీవీ చూస్తుంటే చీకటికి కంటిపాప పెద్దదై ఆ మూల మూసుకుంటుంది, కంటి ఒత్తిడి పెరుగుతుంది, కనుబొమ్మ పైన నొప్పి, లైటు చుట్టూ సున్నాలు. పడుకుంటే పాప చిన్నదై మళ్లీ తెరుచుకుంటుంది. "పడుకుంటే తగ్గిందిలే" అన్నావు చూడు, అందుకే నాకు అనుమానం. పూర్తిగా మూసుకుంటే కన్ను ఎర్రబడి, వాంతులై, చూపు మసకబారుతుంది. వాంతులు చూసి కడుపు జబ్బనుకునే వాళ్లున్నారు. అలా జరిగితే రాత్రయినా సరే, కంటి డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లాల్సిందే, గంటల్లో చూపు పోయే ప్రమాదం.

కాబట్టి అద్దాల షాపులో నంబరు చూపించుకుంటే సరిపోదు. కంటి ఆసుపత్రికి వెళ్లి రంగుల సున్నాల సంగతి నోరు తెరిచి చెప్పు. కంటి ఒత్తిడి చూడమని, కంటి మూల వెడల్పు చూసే గోనియోస్కోపీ చేయమని అడుగు. పాప పెద్దది చేసే చుక్కలు ఈ పరీక్ష అయ్యాకే వేస్తారు. మూల ఇరుకని తేలితే లేజరుతో చిన్న రంధ్రం పెడతారు, అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. నాన్నా, మీరూ చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. బీపీ ఏళ్ల తరబడి చేసిన పని అక్కడి రక్తనాళాల మీద కనబడుతుంది. చుక్కలేశాక కొన్ని గంటలు చూపు మసకే, స్కూటరు ఇంట్లో వదిలేసి ఆటోలో వెళ్లండి.

ఇవన్నీ చూసినా నొప్పి తగ్గకపోతే, లేదా అన్నం నమిలేటప్పుడు దవడ లాగినా, తల దువ్వితే నొప్పెట్టినా, ఆ మాట కూడా డాక్టరుకి చెప్పండి. కణతల దగ్గరి రక్తనాళం వాపు కావొచ్చు, దానికి ఈఎస్ఆర్ రక్తపరీక్ష చేస్తారు. ఈ వయసులో కొత్తగా మొదలైన తలనొప్పిని డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు.

అమ్మ కళ్ల పరీక్ష ముందు, సోమవారమే. బీపీ పుస్తకం అదే రోజు మొదలుపెట్టండి. రోజూ రాత్రి ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పెట్టమని పెద్దత్త కొడుక్కి చెప్పాను. సగటు నేను తీస్తాను.

మీ అబ్బాయి,
డాలస్