తలుపవతల ఎవరు?

"ఎవరు?"
"నేనే."
"ఇప్పుడా?"
"అవును."

తొమ్మిదో తరగతికి నాటకం పాఠం చెప్పడానికి నేను తీసుకెళ్లే స్క్రిప్టు మొత్తం ఇంతే. బోర్డు మీద రాయగానే పిల్లలు నవ్వుతారు. "డైలాగులేవి సార్?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. పేజీలకు పేజీలు డైలాగులిస్తే పిల్లలు వాటిని గుర్తుపెట్టుకోవడం మీదే ఉంటారు, గొంతు సంగతి పట్టించుకోరు. మాటలు తగ్గిస్తే గొంతు కష్టపడక తప్పదు.

ఈ నాలుగు మాటలు కుదరడానికి నాకు చాలా రోజులు పట్టింది. మాటల్లో కథ లేకుండా, నటుల గొంతులో కథ పుట్టే ఇలాంటి చిన్న సంభాషణలు ఇంగ్లీషు నటశిక్షణలో మామూలే. నేనూ మొదట్లో "ఎప్పుడొచ్చావ్?" అనే మాటతో మొదలుపెట్టించాను. పని చెయ్యలేదు. "వచ్చావ్" అనగానే ఎదుటిది చనువున్న మనిషని తెలిసిపోతుంది. "వచ్చారు" అంటే పెద్దమనిషి. "వచ్చావురా" అంటే మగపిల్లాడు, "వచ్చావే" అంటే ఆడపిల్ల. మన భాషలో చుట్టరికం క్రియ చివరే వేలాడుతుంటుంది. గొంతు చెయ్యాల్సిన పని వ్యాకరణమే చేసి పెడుతోంది. అందుకే క్రియలు లేని మాటలు ఏరుకున్నాను. అండి, సార్, రా, ఒసే లాంటివి కలపకూడదన్నది ఏకైక షరతు.

పాఠం లక్ష్యం కూడా అందులోంచే వచ్చింది: మాట మార్చకుండా, ఎదురుగా ఉన్నది ఎవరో గొంతుతోనే తెలియజెయ్యాలి. నోట్సులో "పిల్లల్లో సృజనాత్మకత పెంపొందించుట" అని రాసుకుంటే పెరిగిందో లేదో ఎలా చూస్తాం? ఇదైతే చెవితో పరీక్షించవచ్చు. వినేవాళ్లకి తెలిసిందా, తెలియలేదా, అంతే.

36 మంది పిల్లలు, రెండు పిరియడ్లు కలిపి 80 నిమిషాలు అనుకుందాం. బెంచీలు గోడకి జరిపించండి. ఆటలకి 15 నిమిషాలు, గొంతుకి 10, నాలుగు మాటల సీనుకి 20, దాన్ని అప్పటికప్పుడు పొడిగించడానికి 20, చివర మాట్లాడుకోవడానికి 15. ఆ చివరి 15 నిమిషాల సంగతి తర్వాత చెబుతాను. ముందే మింగేసేది వాటినే.

ఆటలు రెండు చాలు. మొదటిది లెక్క. 18 మంది చొప్పున రెండు గుండ్రాలుగా నిలబడి, కళ్లు మూసుకుని, ఒకటి నుంచి 20 దాకా లెక్కపెట్టాలి. వరస లేదు, సైగ లేదు, ఎవరికి అనిపిస్తే వాళ్లు తర్వాతి అంకె చెప్పాలి. ఇద్దరు ఒకేసారి అంటే మళ్లీ ఒకటి. మొదట నాలుగో ఐదో దాటదు. కాసేపటికి హడావిడి తగ్గి, పక్కవాళ్ల ఊపిరి వినడం మొదలవుతుంది, అప్పుడు పది దాటుతుంది. 20కి చేరకపోయినా ఫరవాలేదు. ఎదుటివాడి మాట పూర్తిగా వినేవాడే ఆశువుగా నటించగలడు, ఈ ఆట ఉన్నది ఆ వినికిడి కోసం.

రెండోది పిల్లలకి మనకన్నా బాగా వచ్చు: క భాష. ప్రతి అక్షరం ముందూ "క" పెట్టి పెద్దవాళ్లకి అర్థం కాకుండా మాట్లాడుకునే ఆ గూఢభాషని ఇంకాస్త చెడగొట్టి, అసలు అర్థమే లేని కూతలతో బేరమాడమంటాను. ఒకరు కూరగాయలమ్మాలి, ఒకరు కొనాలి. నిమిషం తిరక్కుండానే ఎవరు ఎక్కువ చెప్పారో, ఎవరు అలిగి వెళ్లిపోతున్నారో అందరికీ తెలిసిపోతుంది. మాట లేకపోయినా సంగతి అందుతుందని చూపించడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.

అర్థంలేని భాషతో ఆడించే ఈ పద్ధతిని నాటకశిక్షణలో స్థిరపరిచిన వాళ్లలో అమెరికాలోని షికాగోకి చెందిన వయోలా స్పోలిన్ ముఖ్యురాలు. 1930ల చివర, మాంద్యం కాలంలో, రకరకాల దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో ఆమె పనిచేసింది. ఉపన్యాసం చెప్పి నటన నేర్పే అవకాశం లేదు కాబట్టి ఆటలు కట్టింది. 1963లో ఆ ఆటలన్నీ పుస్తకంగా వచ్చాయి. మనకీ ఇది కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఆ ఊరి సంగతుల మీద ఆ రాత్రికారాత్రి జోకులు అల్లేవాళ్లు. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడి పనీ సగం ఇదే. స్పోలిన్ దాన్ని తరగతి గదిలో పట్టేట్టు చేసింది.

గొంతుకి పది నిమిషాలే, కానీ వదిలెయ్యకూడదు. నోరు మూసి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని "మ్" అని సన్నగా గుంజితే చేతికి అదురు తెలియాలి. ఆ తర్వాత "ఎర్రలారీ తెల్లలారీ" నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచండి, నాలుక కదులుతుంది. అసలు కసరత్తు ఇంకోటుంది. తెలుగు వాక్యంలో బరువంతా చివరే ఉంటుంది. "నాన్న ఊరినుంచి" దాకా గట్టిగా అని "రాలేదు"ని మింగేస్తే వచ్చాడో రాలేదో ఎవరికీ తెలియదు. పిల్లలు మింగేది ఎప్పుడూ ఆ ముక్కనే, ఎందుకంటే అప్పటికి ఊపిరి అయిపోతుంది. ఒకర్ని గది చివర నిలబెట్టి, చివరి మాట వినపడకపోతే చెయ్యెత్తమనండి. అప్పుడు చెప్పేవాళ్లు అరుస్తారు. అరుపని ఎలా తెలుస్తుంది? గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు సన్నబడుతుంది. వాళ్లని ఆపి, ముందు ఊపిరి తీసుకోమనండి, చివరి అచ్చుని కాస్త సాగదియ్యమనండి. అరవకుండానే వినపడుతుంది.

ఈ వయసు మగపిల్లల్లో కొందరికి గొంతు విరుగుతుంటుంది. స్వరపేటిక పెరుగుతోంది, స్వరతంత్రులు పొడవవుతున్నాయి, అందుకే మాట మధ్యలో కీచుమంటుంది. పక్కవాళ్లు నవ్వుతారు. కారణం రెండు ముక్కల్లో ముందే చెప్పేస్తే నవ్వు తగ్గుతుంది. వాళ్లని ఏ శ్రుతి హాయిగా ఉంటే అందులోనే మాట్లాడనివ్వాలి, పై స్థాయికి తొయ్యకూడదు.

ఇప్పుడు సీను. 18 జంటలనీ ఒక్కొక్కటిగా ముందుకు పిలిస్తే, జంటకి మూడు నిమిషాలనుకున్నా 54 నిమిషాలు పోతాయి, మిగతా 34 మందీ ఖాళీగా కూర్చుంటారు. కొత్త టీచర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందరూ ఒకేసారి చెయ్యాలి. జంట మధ్య మూసిన తలుపుందని ఊహించుకోవాలి, ఒకరు లోపల, ఒకరు బయట. తలుపు ఉండటం వల్ల ముఖకవళికలు, చేతులు పనికిరావు, గొంతే దిక్కు. కొట్టుకోవడానికీ వీలుండదు. తలుపు లేకుండా వదిలితే నిమిషంలో సగం సీన్లు ఫైటింగులవుతాయి, నమ్మండి.

"కోపంగా చెయ్యి", "భయంగా చెయ్యి" అని మాత్రం చెప్పొద్దు. కోపమంటే అరుస్తారు, భయమంటే సినిమాలో చూసింది చేస్తారు. పరిస్థితి ఇవ్వండి: లోపల ఇప్పుడే పసిబిడ్డ నిద్రపోయింది. లేదా, బయట ఉన్నవాళ్లు గంట నుంచి తలుపు కొడుతున్నారు. గొంతు దానంతటదే మారుతుంది. రెండుమూడు పరిస్థితుల్లో చేశాక నాలుగు జంటలని మాత్రం వినిపించమనండి. మిగతావాళ్లు వాళ్లకి వీపు తిప్పి, వింటూ, లోపలెవరు, బయటెవరు, ఎంత పొద్దయింది అని నోట్సులో రాసుకోవాలి. ముందుకు రాని బిడియస్తులు చాలాసార్లు ఈ పనిలో ఆరితేరినవాళ్లుగా బయటపడతారు.

ఒక జంట సంగతి చెబుతాను. లోపలున్న అమ్మాయి "ఎవరూ..." అని సాగదీసి, నడిచి వస్తున్నట్టు మాట దూరం నుంచి దగ్గరికి తెచ్చింది. బయటి అమ్మాయి "నేనే" అని లోగొంతుతో గబుక్కున అంది. "ఇప్పుడా?" అన్నది పైకి లేవకుండా నేలమీద పడింది. చాలా నోట్సుల్లో అమ్మమ్మ, మనవరాలు, రాత్రి అని ఉంది. ఇక్కణ్నుంచి పొడిగించమన్నాను.

అమ్మమ్మ, "తడిసిపోయావేంటే?" అంది. మనవరాలు, "వానేం లేదు" అంది. అయిపోయింది. "వాన కాదా?" "కాదు." ఇద్దరికీ తోచలేదు, క్లాసంతా నవ్వింది. ఆశునటన శిక్షణలో పేరున్న బ్రిటిష్ గురువు కీత్ జాన్‌స్టన్, 1979 నాటి తన పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించాడు. ఎదుటివాళ్లు అందించిన దాన్ని కాదంటే కథ ఆగుతుంది, ఒప్పుకుని ఇంకోటి కలిపితే నడుస్తుంది. మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టమన్నాను.

"తడిసిపోయావేంటే?"
"గొడుగు బస్సులో మర్చిపోయా."
"ఏ బస్సు? ఆఖరి బస్సు ఏడింటికే పోయిందిగా."

మనవరాలు ఆగింది. పక్కనుంచి నేను, "తలుపు ఇంకా తియ్యలేదు" అని మాత్రం అన్నాను. ఆట ఆపకుండా ఇలా పక్కనుంచి ఒక మాట అందించడం కూడా స్పోలిన్ పద్ధతే. ఆ అమ్మాయి గొంతు దించి, "ట్రాక్టరెక్కి వచ్చా" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్లిద్దరూ ఆ కథని ముందే అనుకోలేదు, గొడుగుని ఒప్పుకోబట్టి ట్రాక్టరు వచ్చింది.

ఇక చివరి 15 నిమిషాలు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అంటారు, దాంతో సరి. నేను అడిగేది ఒక్కటే: "ఏ మాట దగ్గర మీకు తెలిసింది?" ఆ రోజు ఒక పిల్లాడు, "నేనే అన్నాక ఊపిరి బిగపట్టింది సార్, అక్కడ" అన్నాడు. అది చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడి విన్నది. తర్వాత ప్రతివాళ్లూ నోట్సులో రెండు వాక్యాలు రాస్తారు: నా గొంతులో ఈవేళ ఏం మార్చాను, వినేవాళ్లకి అది అందిందా. మాట్లాడేటప్పుడు పాత్ర గురించే మాట్లాడనివ్వండి. కొందరు పిల్లలు సీన్లోకి సొంత ఇంటి గొడవ తెస్తారు. "ఇది మీ ఇంట్లో జరిగిందా?" అని అందరి ముందూ అడగొద్దు. అనుమానమొస్తే తర్వాత విడిగా మాట్లాడాలి.

ఒకసారి ఒక బడిలో గంట కొట్టేస్తున్నారని ఈ భాగం ఎగ్గొట్టాను. పిల్లలు చప్పట్లతోనే ఇళ్లకి వెళ్లారు. మరుసటి వారం వచ్చి చూస్తే అందరూ అరుస్తున్నారు. కిందటిసారి ఎక్కువ చప్పట్లు పడింది గట్టిగా అరిచిన జంటకి. వాళ్లు నేర్చుకున్న పాఠం అదీ. తప్పు నాది.

మీ బడిలో రెండు పిరియడ్లు కలిపి ఇవ్వకపోతే, 40 నిమిషాల్లో క భాష ఉంచి లెక్క ఆట తీసెయ్యండి. సీను పొడిగించడం వచ్చే వారానికి వాయిదా వెయ్యండి. ప్రదర్శనకి రెండు జంటలే చాలు. చివర్లో పది నిమిషాలు మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి.