అమెరికా అప్పు, మన తులం బంగారం

2011 ఆగస్టు 5, శుక్రవారం. అమెరికాలో మార్కెట్లు మూసేశాక స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ ఒక ప్రకటన చేసింది. అమెరికా ప్రభుత్వానికి అప్పు ఇవ్వడం ఇక మునుపటంత భద్రం కాదంటూ, దశాబ్దాలుగా ఉన్న అత్యున్నత రేటింగును ఒక మెట్టు తగ్గించింది. సోమవారం మార్కెట్లు తెరిచేసరికి షేర్లు కుప్పకూలాయి. బంగారం ఔన్సు 1,700 డాలర్లు దాటింది. మరో నెల గడిచేసరికి 1,900 దాకా వెళ్లింది. ఔన్సు అంటే 31 గ్రాములకు కాస్త ఎక్కువ.

ఇంతవరకూ కథ మనం ఊహించినట్లే ఉంది. ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోతోందని భయపడి జనం బంగారం కొన్నారు. ఆ తర్వాత జరిగింది మాత్రం ఈ లెక్కకు అందదు. ఆ రోజు అమెరికా ప్రభుత్వ అప్పు సుమారు 14 లక్షల 50 వేల కోట్ల డాలర్లు. 2015 చివరికి అది దాదాపు 19 లక్షల కోట్లకు చేరింది. ఆ నాలుగేళ్లలో అప్పు ఒక్క ఏడాదీ తగ్గలేదు. బంగారం మాత్రం 1,900 నుంచి 1,060 డాలర్లకు పడిపోయింది. ‘అప్పు పెరిగితే బంగారం పెరుగుతుంది’ అన్న మాట నమ్మి 2011 సెప్టెంబరులో డాలర్లు పెట్టి కొన్నవాళ్లు పెట్టుబడిలో దాదాపు సగం పోగొట్టుకున్నారు.

బంగారాన్ని కదిలించేది అప్పు పరిమాణం కాదు. ఆ అప్పును ఎలా తీరుస్తారన్న అనుమానం. ఇది అర్థం కావాలంటే అప్పు ఇచ్చినవాడి వైపు నుంచి చూడాలి.

ప్రభుత్వ బాండు అంటే మన ఊళ్లో రాసుకునే ప్రామిసరీ నోటు లాంటిదే. ఇంత సొమ్ము తీసుకున్నాను, ఏటా ఇంత వడ్డీ ఇస్తాను, ఫలానా తేదీన అసలు చెల్లిస్తాను అని ప్రభుత్వం రాసిచ్చే పత్రం. ఊళ్లో నోటు రాయించుకున్నవాడి భయం ఒక్కటే: అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడతాడేమో. అమెరికా లాంటి ప్రభుత్వం విషయంలో ఆ భయం చాలా తక్కువ. అది బాకీ పడ్డది డాలర్లు, ఆ డాలర్లు పుట్టేదీ ఆ దేశంలోనే. కాబట్టి లెక్క ప్రకారం అసలూ వడ్డీ తప్పక వస్తాయి. వచ్చే డాలరుకు అప్పటికి ఎంత విలువ ఉంటుందన్నదే అప్పు ఇచ్చినవాడి అసలు బెంగ.

మన లెక్కలో చూద్దాం. లక్ష రూపాయలు ఏడు శాతం వడ్డీకి ఇచ్చామనుకుందాం. ఏడాదికి లక్షా ఏడు వేలు చేతికొస్తాయి. ఆ ఏడాది ధరలు నాలుగు శాతం పెరిగితే మనకు మూడు శాతం మిగిలినట్లు. ధరలు తొమ్మిది శాతం పెరిగితే వడ్డీతో సహా తీసుకున్నా రెండు శాతం నష్టపోయినట్లు. ధరల పెరుగుదల తీసేశాక మిగిలేదాన్నే నిజ వడ్డీ అంటారు. బంగారం వడ్డీ ఇవ్వదు, బీరువాలో పెట్టిన గొలుసు ఏడాది తర్వాత కూడా అంతే బరువు తూగుతుంది. అందుకని బాండు మీద నిజ వడ్డీ బాగా వస్తున్నంతకాలం పెద్ద మదుపరులు బంగారం జోలికి పెద్దగా పోరు. నిజ వడ్డీ సున్నాకు, అంతకంటే కిందికి దిగితే, వడ్డీ రాకపోయినా విలువ నిలుస్తుందని బంగారం వైపు చూస్తారు.

భారీగా అప్పుపడ్డ ప్రభుత్వానికి నిజ వడ్డీ తక్కువగా ఉంటేనే లాభం. ఇది ఒకసారి కళ్లముందే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అమెరికా ప్రభుత్వ అప్పు ఆ దేశపు ఏడాది మొత్తం ఉత్పత్తిని మించిపోయింది. అక్కడి కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ దీర్ఘకాలిక బాండ్ల వడ్డీని రెండున్నర శాతం దాటకుండా పట్టి ఉంచింది. 1947లో ధరలేమో దాదాపు 14 శాతం పెరిగాయి. యుద్ధానికి సాయమని బాండ్లు కొన్న కుటుంబాలకు ప్రభుత్వం పైసాతో సహా చెల్లించింది. ఆ డబ్బుతో ఇంటికొచ్చిన సరుకులు మాత్రం తగ్గిపోయాయి. ఒక్క వాయిదా తప్పకుండానే అప్పు బరువు కరిగిపోయింది. ఆ రోజుల్లో సామాన్య అమెరికన్లకు బంగారంలోకి తప్పుకునే దారి కూడా లేదు. 1933 నుంచి 1974 చివరిదాకా అక్కడి పౌరులు బంగారు కడ్డీలు దాచుకోవడం చట్టవిరుద్ధం.

ఈ అనుభవం గుర్తున్నవాళ్లే 2011లో బంగారం కొన్నారు. ఇంత అప్పు తీర్చాలంటే మళ్లీ అలాగే ధరలు పెరగనిస్తారని వాళ్ల అంచనా. అది జరగలేదు. అమెరికాలో ధరలు అదుపులోనే ఉన్నాయి. 2013లో ఫెడరల్ రిజర్వ్ చౌక డబ్బు ప్రవాహాన్ని తగ్గిస్తామనే సూచనలు ఇచ్చింది, నిజ వడ్డీ సున్నాకు దిగువ నుంచి పైకి లేచింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రెండే రోజుల్లో బంగారం ఔన్సుకు 200 డాలర్లకు పైగా పడింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2011లో రేటింగు తగ్గాక సోమవారం జనం కంగారుపడి పరిగెత్తింది ఎక్కడికనుకున్నారు? ఆ అమెరికా బాండ్ల దగ్గరికే! గిరాకీ పెరగడంతో వాటి వడ్డీ రేటు తగ్గింది. అంటే బాండు మీద నమ్మకం అప్పటికి చెదరలేదు.

ఆ నమ్మకంలో పగుళ్లు కనిపించింది 2022 తర్వాతే. ఆ ఏడాది ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై యుద్ధానికి దిగింది. పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30 వేల కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. ఎవరి అభిప్రాయం ఏదైనా, ప్రతి దేశపు కేంద్ర బ్యాంకుకూ ఒక సంగతి తెలిసొచ్చింది: బాండు అనేది ఇంకొకరు ఇచ్చే మాట, ఆ మాట ఆగిపోవచ్చు. మన ఖజానాలో ఉన్న బంగారానికి అలా ఎవరి సంతకమూ అక్కర్లేదు. 2022, 2023, 2024 మూడేళ్లూ ప్రపంచ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు మించి బంగారం కొన్నాయి. అంతకుముందు దశాబ్దపు సగటుకు ఇది రెట్టింపు.

అదే సమయంలో అమెరికా వడ్డీ ఖర్చు ఉబ్బిపోయింది. ఎలాగంటే, ప్రభుత్వం పాత బాండు గడువు తీరితే చేతి డబ్బుతో తీర్చదు, కొత్త బాండు అమ్మి తీరుస్తుంది. కరోనా కాలంలో ఒకటి, ఒకటిన్నర శాతానికి తెచ్చిన అప్పు గడువు తీరినప్పుడు మళ్లీ నాలుగు శాతానికి పైగా ఇచ్చి తేవాల్సి వచ్చింది. అసలు పెరగకపోయినా వడ్డీ మూడు నాలుగింతలవుతుంది. ఇక్కడ అసలూ పెరిగింది. 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ చెల్లింపులు సుమారు 88 వేల కోట్ల డాలర్లు. అమెరికా సైన్యం మీద పెట్టే ఖర్చు కూడా దానికంటే తక్కువే.

పాత సూత్రం ప్రకారం నిజ వడ్డీ పెరిగిన ఈ కాలంలో బంగారం పడాలి. పడలేదు, ఎగబాకింది. 2025 మే 16న మూడీస్ సంస్థ కూడా అమెరికా రేటింగును తగ్గించింది. 2011కూ ఈసారికీ తేడా ఇక్కడే కనిపించింది. ఈసారి జనం బాండ్ల దగ్గరికి పరిగెత్తలేదు. ముప్పై ఏళ్ల బాండు వడ్డీ ఐదు శాతం దాటింది, అంటే అప్పు ఇచ్చేవాళ్లు ఎక్కువ వడ్డీ అడిగారు. అదే వారంలో బంగారం 3,200 డాలర్ల దగ్గర నుంచి 3,350 వరకు పెరిగింది.

పత్రికల్లో ధరల పట్టిక చూసే పాఠకులు గుర్తుంచుకోదగ్గ ఆనవాలు ఇదే. బంగారం పెరుగుతూ, అమెరికా బాండ్ల వడ్డీ తగ్గుతూ ఉంటే, మార్కెట్టు వడ్డీ రేట్ల కోతను ఆశిస్తోందనుకోవచ్చు. రెండూ కలిసి పెరుగుతుంటే అప్పు మీద బెంగ పనిచేస్తోందని ఎక్కువగా అనుమానించాలి. ఇది కచ్చితమైన పరీక్ష కాదు, నెలల తరబడి గమనించాలి తప్ప ఒక రోజు కదలికతో తేల్చకూడదు. భయం మరీ ముదిరినప్పుడు బంగారమూ పడుతుంది. 2020 మార్చిలో కరోనా భయంతో చేతిలో నగదు కోసం అన్నీ అమ్ముకున్నప్పుడు, పది రోజుల్లో ఔన్సు 1,680 డాలర్ల నుంచి 1,480కి దిగిపోయింది.

మన దగ్గర ఇంకో పొర ఉంది, రూపాయి. 2011 నుంచి 2015 చివరికి డాలర్లలో బంగారం అంతగా పడినా, హైదరాబాదులోనో విజయవాడలోనో తులం కొన్నవారికి అంత దెబ్బ తగల్లేదు. పది గ్రాములు సుమారు 28 వేల నుంచి 25 వేల చుట్టుపక్కలకు దిగాయంతే. ఆ కాలంలో డాలరు 45 రూపాయల నుంచి 66కు పెరగడమే కారణం. అమెరికా అప్పు బెంగ, మన రూపాయి నీరసం రెండూ కలిసొచ్చిన 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష రూపాయలను తాకాయి. పెళ్లికి పది తులాలు అనుకున్న కుటుంబాలు ఆరేడుతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది ఇలాంటప్పుడే. అప్పుల భయంతో కేంద్ర బ్యాంకులు, మదుపరులు కొనే బంగారం పెరిగితే, ఆ ధరకు నగల కొనుగోలు తగ్గుతుంది. ఆ భయంతో ఏ సంబంధమూ లేని ఇళ్లవాళ్లే ఆ భారం మోస్తున్నారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

మన ప్రభుత్వం కూడా ఒకసారి బంగారం లెక్కన అప్పు చేసింది. 2015 నవంబరులో మొదలైన సార్వభౌమ పసిడి బాండ్లు అవే. మొదటి విడతలో గ్రాము 2,684 రూపాయలకు అమ్మి, ఏటా 2.75 శాతం వడ్డీ ఇస్తామని, ఎనిమిదేళ్లకు ఆనాటి బంగారం ధర చెల్లిస్తామని రాసిచ్చారు. 2023 నవంబరులో గ్రాముకు 6,132 రూపాయలు చెల్లించారు. వడ్డీతో కలిపితే ప్రభుత్వానికి ఆ అప్పు ఏటా దాదాపు పదమూడు శాతం పడినట్లు. 2015లో మామూలు పదేళ్ల బాండు మీద ప్రభుత్వం ఇస్తున్నది ఏడున్నర శాతం చిల్లర. రూపాయల్లో తీర్చే బాకీ బరువును ధరల పెరుగుదల తేలిక చేస్తుంది, బంగారంలో తీర్చే బాకీ విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఈ పద్ధతిలో అప్పు ఖరీదైపోయిందని అధికారులే చెప్పారు. 2024 ఫిబ్రవరి తర్వాత కేంద్రం కొత్త పసిడి బాండు ఒక్కటీ జారీ చేయలేదు. ఆ మరుసటి ఏడాది మార్చి నాటికి రిజర్వు బ్యాంకు ఖజానాలో బంగారం 822 టన్నుల నుంచి 879 టన్నులకు పెరిగింది.