కందిపప్పు ధర పెంచేటప్పుడు

తాండూరు కందిపప్పు పేరు మీకు తెలుసు. అక్కడి నల్లరేగడిలో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాండూరులో కందులు కొని, మిల్లులో పప్పు పట్టించి, వికారాబాదులో ఇండ్లకు అమ్మే ఒక అక్క ఉందనుకుందాం. ఆమె దగ్గర 35 ఇండ్ల వాళ్లు వాడుకగా కొంటారు. నెలకు ఒక్కో ఇంటికి 4 కిలోలు. కందుల ధర పెరిగింది. ఇప్పుడు ఆమె ఆ ఇండ్ల వాళ్లకు ఏమని చెప్పాలి?

ముందు లెక్క వేసుకోవాలి. లెక్క తనకే తెలియకపోతే ఎదుటివాళ్లకు ఏం చెబుతుంది?

ఇదివరకు కందులు క్వింటాలు 7,000 రూపాయలకు కొన్నది. మిల్లు కూలి, బండి చార్జీలు కలిపి 600 అయ్యాయి. పొట్టు, నూక పశువుల దాణాకు అమ్మితే 600 వచ్చాయి. అవి చెల్లుకు చెల్లు. క్వింటాలు కందులు పట్టిస్తే పప్పు సుమారు 70 కిలోలే వస్తుంది. 7,000ను 70తో భాగిస్తే 100. అంటే కిలో పప్పు ఆమెకు 100 రూపాయలు పడింది. 115కు అమ్మింది. కిలోకు 15 మిగిలింది.

ఇప్పుడు క్వింటాలు 8,400 అయింది. 70తో భాగిస్తే కిలో పప్పు 120 పడుతుంది. 115కే అమ్మితే కిలోకు 5 రూపాయలు చేతి నుంచి పోతాయి. వెనకటి 15 మిగలాలంటే 135కు అమ్మాలి.

ఇక్కడే పేచీ వస్తుంది. "ఏందమ్మా, కందులు కిలోకు 14 రూపాయలే పెరిగినయి. నువ్వు 20 పెంచినవేంది?" అని ఒక వదిన అడుగుతుంది. అడగడం న్యాయమే. దీనికి జవాబు ఇది: కిలో పప్పు కావాలంటే కిలో కందులు చాలవు. దాదాపు కిలోన్నర కావాలి. మిగతాది పొట్టు, నూక కింద పోతుంది. అందుకే కందుల మీద 14 పెరిగితే పప్పు మీద 20 పడుతుంది. ఈ మాట చాలామంది వ్యాపారులు చెప్పరు. "అన్నీ పెరిగినయమ్మా" అని తేల్చేస్తారు. అప్పుడు కొనేవాళ్లకు అనుమానం మిగిలిపోతుంది.

ఆ అక్క 138కి అమ్మాలనుకుంటే? అమ్మవచ్చు. కాని పై 3 రూపాయలు కందుల వల్ల పెరిగినవి కావు. "ఇది నా కష్టానికి" అని విడిగా చెప్పాలి. కందుల మీదికి నెట్టకూడదు. కందుల ధర తాండూరు యార్డులో అందరికీ తెలుస్తుంది. దాచినా దాగదు.

ఎప్పుడు చెప్పాలి? పప్పు తూచి సంచిలో పోశాక చెబితే వాళ్లకు కోపం వస్తుంది. ఒక నెల ముందే చెప్పాలి. పాత ధర కందులతో పట్టించిన పప్పు ఇంకా 140 కిలోలు ఉందనుకోండి. ఆ నెల అది పాత ధరకే ఇవ్వవచ్చు. 35 ఇండ్లకు 4 కిలోల చొప్పున సరిగ్గా సరిపోతుంది. ఎవరికీ ఎక్కువ ఇవ్వకూడదు. ఒక్కరే 20 కిలోలు పట్టుకుపోతే మిగతావాళ్లకు ఉండదు.

ఇంటింటికీ నోటితో చెప్పి, ఇలా ఒక చీటీ కూడా రాసి ఇవ్వవచ్చు:

"అమ్మా, నమస్తే. కందులు క్వింటాలు 7,000 నుంచి 8,400 అయినాయి. క్వింటాలుకు పప్పు 70 కిలోలే వస్తుంది. అందుకని వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కిలో పప్పు 135 రూపాయలు. ఈ నెల మీ 4 కిలోలు పాత ధరకే ఇస్తాను. తూకం, పప్పు మారవు. కొత్త పంట వచ్చాక ధర మళ్లీ చూస్తాను."

చివరి రెండు మాటలు రాస్తే నిలబెట్టుకోవాలి. కొందరు ధర పెంచడానికి భయపడి కిలో అని 900 గ్రాములు తూస్తారు. కొందరు బయటి దేశాల నుంచి వచ్చిన చవక పప్పు కలిపి తాండూరు పప్పు అంటారు. కుండలో పప్పు ఎప్పటిలా ఉడకకపోతే వండే మనిషికి తెలిసిపోతుంది. పొట్లం మీద ధర అచ్చు వేసి అమ్మేవాళ్లకు ఇంకో మాట. పాత ధర మీద కొత్త చీటీ అంటించి ఎక్కువకు అమ్మడం నేరం. ఆ పొట్లాలు పాత ధరకే అమ్మాలి.

"మళ్లీ పెంచను" అని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకూడదు. కంది ధర వానను బట్టి ఉంటుంది. 2015లో వానలు లేక పంట తగ్గి, కిలో పప్పు 200 రూపాయల దాకా పోయింది. 2016లో పంట బాగా వచ్చింది. 2017లో కందులు మద్దతు ధర 5,050 కన్నా కిందికి దిగాయి. కొత్త కందులు యార్డుకు వచ్చేది సంక్రాంతి ముందూ వెనకా. అప్పుడు ధర తగ్గితే ఆ అక్క కూడా తగ్గించాలి. తగ్గించినప్పుడూ ఇలాగే చీటీ రాయాలి.

పెంచాక రెండు నెలలు తన పుస్తకం చూసుకోవాలి. 4 కిలోలు కొనే ఇల్లు 2 కిలోలకు దిగితే, మిగతాది వేరే చోట కొంటున్నారో, ఇంట్లో పప్పే తగ్గించారో అడగాలి. చేతిలో డబ్బు లేక తగ్గించిన వాళ్లకు నెలలో రెండుసార్లు, రెండేసి కిలోలు ఇస్తే ఆ ఇల్లు పోదు.