రాడార్ వలలో సందులు వెతికే విమానం

స్టెల్త్ విమానం రాడార్‌కు కనిపిస్తుంది. టీవీ చర్చల్లో దాన్ని మాయావిమానంగా చెప్పడం మామూలైపోయింది కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. కనిపిస్తుంది గానీ బాగా దగ్గరికి వచ్చాకే కనిపిస్తుంది. అప్పటికి శత్రువు చేతిలో ఏమీ చేయడానికి సమయం మిగలకూడదు. ఈ విమానాలను కట్టినవాళ్లు కోరుకున్నది అంతే.

రాడార్ రేడియో తరంగాలను పంపి, అవి దేనికైనా తగిలి తిరిగి వస్తే ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. వెళ్లేటప్పుడూ తరంగం విచ్చుకుపోయి బలహీనపడుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అందుకని విమానం రెండింతలు దూరం జరిగితే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. రాడార్‌ను నడిపేవాడికి ఇది పెద్ద తలనొప్పి. అయితే విమానాన్ని దాచాలనుకునేవాడికీ ఈ లెక్కే అడ్డం వస్తుంది. ఎంతో కష్టపడి విమానం ప్రతిధ్వనిని పదహారో వంతుకు తగ్గించినా, అది రాడార్‌కు దొరికే దూరం సగమే తగ్గుతుంది. 200 కిలోమీటర్ల దూరంలో దొరికే విమానం 20 కిలోమీటర్ల దాకా దొరకకూడదంటే ప్రతిధ్వనిని పదివేల వంతుల్లో ఒక వంతుకు తేవాలి.

అంత శ్రమ దేనికంటే, నిమిషాల కోసం. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం 200 కిలోమీటర్ల దూరంలోనే దొరికిపోతే, రాడార్ దళానికి పదమూడు నిమిషాలు చేతిలో ఉంటాయి. గుర్తుపట్టి, పైవాళ్లకు చెప్పి, క్షిపణిని గురిపెట్టడానికి అది చాలు. 20 కిలోమీటర్ల దగ్గర దొరికితే మిగిలేది నిమిషంన్నర కూడా కాదు.

దీన్ని మొదట సాధించి చూపిన యుద్ధవిమానం అమెరికా వారి ఎఫ్-117. దాని వెనకున్న గణితం మాత్రం మాస్కోలో పుట్టింది. అంచుల దగ్గర రేడియో తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కగట్టే పద్ధతిని ప్యోతర్ ఉఫీమ్ట్‌సెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్త 1962లో ఒక పుస్తకంగా ప్రచురించాడు. అందులో దాచాల్సింది ఏమీ లేదని సోవియట్ అధికారులు అనుకున్నారు. అమెరికా వైమానిక దళం దాన్ని ఇంగ్లీషులోకి అనువదింపజేసింది. 1970ల మధ్యలో లాక్‌హీడ్ సంస్థ రహస్య విభాగం స్కంక్ వర్క్స్‌లో పనిచేసే గణితజ్ఞుడు డెనిస్ ఓవర్‌హోల్సర్ చేతికి ఆ అనువాదం చిక్కింది. దాని ఆధారంగా, ఇచ్చిన ఆకారం ఎంత ప్రతిధ్వని ఇస్తుందో కట్టకముందే చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారైంది.

ఎఫ్-117 అంత వికారంగా, పలకలు పలకలుగా ఉండటానికి కారణం ఆ కంప్యూటరే. వంపు తిరిగిన ఉపరితలాన్ని లెక్కగట్టే శక్తి అప్పటి యంత్రాలకు లేదు. చదునైన పలకలను మాత్రం ఒక్కొక్కటిగా లెక్కగట్టి కూడగలవు. కాబట్టి విమానాన్నే చదునైన పలకలతో గీశారు. గాలిలో అది తిన్నగా ఎగరదని ఏరోడైనమిక్స్ వాళ్లు గోల పెట్టారు. వాళ్లు అన్నది నిజమే. ప్రతి క్షణం కంప్యూటర్లు సరిదిద్దుతుంటే తప్ప ఆ విమానం నిలకడగా ఎగరదు. దాని మొదటి నమూనాకు లోపలివాళ్లే ‘హోప్‌లెస్ డైమండ్’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

చదునైన పలకల వల్ల లాభమేమిటో తెలియాలంటే చీకట్లో అద్దం మీదికి టార్చిలైటు వేసి చూడండి. అద్దం మనకు ఎదురుగా ఉంటే వెలుగు కళ్లలో కొడుతుంది. కాస్త పక్కకు వంచితే వెలుగంతా ఎటో పోతుంది, అద్దం ఉన్న చోట చీకటే కనిపిస్తుంది. ఎఫ్-117 పలకలన్నీ అలా వంచినవే. తరంగాన్ని వచ్చిన దారిన తిప్పి పంపకుండా పైకో, కిందికో, పక్కకో తోసేస్తాయి. మామూలు విమానంలో రెక్క, నిలువు తోక, కింద వేలాడే బాంబులు ఒకదానికొకటి లంబకోణంలో ఉంటాయి. అలాంటి మూలలో పడ్డ తరంగం రెండు దెబ్బలు తిని సరిగ్గా వచ్చిన వైపుకే పోతుంది. అందుకే ఎఫ్-117 తోక ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా వాలి ఉంటుంది. బాంబులు కడుపులో ఉంటాయి. ఇంజన్లకు గాలి వెళ్లే ద్వారాలకు జల్లెడ బిగించారు. గాలి దూరుతుంది, రంధ్రాలు తరంగం కంటే చిన్నవి కాబట్టి రాడార్ మాత్రం లోపలికి పోయి తిరిగే బ్లేడ్లను చూడలేదు. పైలట్ శిరస్త్రాణం కూడా పెద్ద ప్రతిధ్వని ఇచ్చేదే. అందుకని కాక్‌పిట్ అద్దాలకు పలుచటి బంగారు పూత పూశారు.

ప్రతిధ్వనిని తగ్గించడంలో సింహభాగం ఆకారానిదే. తప్పించుకోలేక మిగిలిన కాస్త తరంగాన్ని మింగడం పూత పని. ఇనుము కలిసిన పదార్థంతో చేసిన పలుచటి షీట్లను విమానం ఒంటిమీద జిగురుతో అతికించారు. రేడియో తరంగం అందులోకి దిగి వేడిగా మారిపోతుంది, ఆ వేడి కూడా లెక్కలోకి రానంత స్వల్పం. అయితే ఇలాంటి పొర బాగా పనిచేయాలంటే దాని మందం తరంగం పొడవుకు తగ్గట్టుండాలి. క్షిపణులకు దారి చూపే రాడార్ల తరంగం పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. వాటికి కొన్ని మిల్లీమీటర్ల పూత సరిపోతుంది. రెండు మీటర్ల పొడవైన తరంగాన్ని మింగాలంటే పూత అడుగుల మందాన ఉండాలి. అంత బరువు మోసుకుని ఏ విమానమూ లేవదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరపడుతుంది.

పూతకూ పలకలకూ కావలసిన పనితనం ఏ పాటిదో స్కంక్ వర్క్స్ అధిపతి బెన్ రిచ్ తన జ్ఞాపకాల్లో చెప్పాడు. ఎఫ్-117కు ముందు కట్టిన ప్రయోగ విమానం ఒక రోజు ఉన్నట్టుండి రాడార్‌లో పెద్దగా మెరిసింది. దింపి చూస్తే మూడు స్క్రూలు పూర్తిగా బిగించలేదు. తలలు ఉపరితలం కంటే మిల్లీమీటర్ల ఎత్తున లేచి ఉన్నాయి, అంతే. ఇలాంటి విమానంలో ఒక చిన్న తలుపు తెరిచి రిపేరు చేశాక, దాని అంచుల సందు పూడ్చి, పూత మళ్లీ సరిచేసేదాకా అది పనికి రానట్టే. కాబట్టి పైలట్‌తో సమానంగా గ్రౌండ్ సిబ్బందికీ స్టెల్త్‌లో వాటా ఉంది. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

ఇక దారి సంగతి. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. 150 కిలోమీటర్ల ఎడంతో రెండు రాడార్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి 200 కిలోమీటర్ల దాకా చూస్తే వాటి వలయాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, నడుమ సందు ఉండదు. అవే రాడార్లు స్టెల్త్ విమానాన్ని 20 కిలోమీటర్ల లోపల మాత్రమే చూడగలిగితే మధ్యలో 110 కిలోమీటర్ల వెడల్పున దారి తెరుచుకుంటుంది. ఆకారం, పూత చేసిన పనల్లా వలయాలను కుదించడం. వాటి మధ్య సందుల్లోంచి విమానాన్ని నడిపించాల్సింది ప్రణాళిక వేసేవాడు.

పైగా అది గుండ్రని వలయం కాదు. విమానం ముక్కు వైపు నుంచి చూస్తే ప్రతిధ్వని అతి తక్కువ. పలకలు తరంగాన్ని తోసేసే కొన్ని ప్రత్యేక కోణాల్లో మాత్రం ఎక్కువ. మలుపు తిరగడానికి రెక్క వాల్చినప్పుడు విమానం పొట్ట మొత్తం ఒక పక్కకు కనిపిస్తుంది. కాబట్టి ఏ రాడార్ ముందు ఏ కోణంలో ఎన్ని సెకన్లు ఉండాలి, మలుపు ఎక్కడ తిరగాలి, ఎంత ఎత్తున పోవాలి అన్నీ కంప్యూటర్ ముందే లెక్కవేస్తుంది. శత్రు భూభాగంలోకి అడుగుపెట్టే ముందు పైలట్ లైట్లు ఆర్పి, రేడియో ఆపి, యాంటెన్నాలు లోపలికి లాగేస్తాడు. ఎఫ్-117లో సొంత రాడారే లేదు, ఎందుకంటే రాడార్ వెలిగించడమంటే తన ఉనికిని చాటుకోవడమే. రాత్రిపూట, ఒంటరిగా, ముందే గీసిన గీత మీద పోవాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఈ విమానాలు బాగ్దాద్ మీదికి అలాగే వెళ్లాయి. ఒక్కటీ కూలలేదు.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. రాడార్లు ఎక్కడున్నాయో ముందే తెలియాలి. 1999లో సెర్బియాలో ఆ షరతు చెడింది.

అక్కడ క్షిపణి దళానికి నాయకత్వం వహించిన జోల్టాన్ డానీ దగ్గర ఉన్నది 1960ల నాటి ఎస్-125 క్షిపణి. మన వైమానిక దళం పెచోరా పేరుతో వాడుతున్నదీ అదే. నాటో విమానాలు వెలిగిన రాడార్‌ను వెంటనే పసిగట్టి క్షిపణితో కొడతాయని డానీకి తెలుసు. అందుకని తన సరంజామాను ఒక చోట ఉంచకుండా తిప్పేవాడు, గురిపెట్టే రాడార్‌ను కొద్ది సెకన్లకు మించి వెలగనిచ్చేవాడు కాదు. అంటే అమెరికన్ల మ్యాపులో అతను ఉన్నట్టు గీసిన చోట అతను లేడు. ఎఫ్-117లు మాత్రం రాత్రుల తరబడి దాదాపు ఒకే దారుల్లో రాకపోకలు సాగించాయి. శత్రు రాడార్లను అణచే తోడు విమానాలు ఆ రాత్రి కావలసినంత దగ్గర లేవని తర్వాత అమెరికన్లే చెప్పారు.

మార్చి 27 రాత్రి, డేల్ జెల్కో అనే పైలట్ బాంబు వేసి తిరిగి వస్తున్నాడు. డానీ దగ్గరున్న పి-18 అనే పాత సోవియట్ రాడార్ తరంగం పొడవు సుమారు రెండు మీటర్లు. అంత పొడవైన తరంగాలను పూత మింగలేదు. విమానం తోక వంటి భాగాల కొలత తరంగం పొడవుకు దగ్గరగా వస్తే పలకల వంపు కూడా ముందులా పనిచేయదు. పి-18 తెర మీద ఇరవై చిల్లర కిలోమీటర్ల దూరంలో చుక్క కనిపించింది. అయితే ఇలాంటి రాడార్ ‘ఆ దిక్కున ఏదో ఉంది’ అని చెప్పగలదు గానీ క్షిపణిని గురికి చేర్చేంత కచ్చితంగా చూపలేదు. దాని కోసం చిన్న తరంగాల రాడార్ వెలిగించాలి, దానికి ఎఫ్-117 బాగా దగ్గరికి రావాలి. డానీ చెప్పిన ప్రకారం రెండుసార్లు వెలిగించి గురి కుదరక ఆర్పేశారు. మూడోసారి కుదిరింది. అప్పుడు విమానం సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండు క్షిపణులు వదిలితే ఒకటి తప్పింది, రెండోది దెబ్బతీసింది. బుజానొవ్‌త్సి గ్రామం దగ్గర పొలాల్లో విమానం కూలింది. పారాచ్యూట్‌తో దూకిన జెల్కోను కొన్ని గంటల్లో అమెరికన్ హెలికాప్టర్లు తీసుకుపోయాయి.

స్టెల్త్ బూటకమని ఆ మర్నాడే చాలామంది తీర్పు చెప్పేశారు. లెక్క చూస్తే అలా లేదు. మామూలు విమానమైతే ఎంతో ముందే దొరికిపోయేది. ఇది 13 కిలోమీటర్ల దగ్గర గానీ గురికి చిక్కలేదు. ఆకారమూ పూతా తమ పని చేశాయి, చెడింది దారి. తర్వాతి తరం విమానాలు పలకలు వదిలేసి నునుపైన వంపులకు మారాయి, పూతలూ మెరుగుపడ్డాయి, ప్రణాళిక గాలిలో ఉండగానే మార్చుకునే ఏర్పాట్లు వచ్చాయి. పొడవైన తరంగాల చిక్కు మాత్రం పూర్తిగా తీరలేదు.

కాబట్టి ఫలానా విమానం ఏ రాడార్‌కూ చిక్కదనో, ఫలానా రాడార్ స్టెల్త్‌ను ఇట్టే పట్టేస్తుందనో ఈసారి వార్త చదివినప్పుడు మూడు సంగతులు అందులో ఉన్నాయేమో చూడండి: ఎంత దూరంలో, ఏ వైపు నుంచి, ఎంత పొడవు తరంగంతో. అవి చెప్పని వార్తను నమ్మనక్కర్లేదు.