మోటారు మీద పేరు చెరిగిపోయిందా?

మా పక్కింటి పిన్నిగారింట్లో సంపులోంచి పైట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు వయసు పదిహేనేళ్ళు. మొన్నామధ్య పంపుకీ మోటారుకీ మధ్యనుంచి బొట్లుబొట్లుగా నీళ్ళు కారడం మొదలైంది. "సీలు పోయిందమ్మా, తెప్పించి పెట్టండి" అన్నాడు మెకానిక్. పిన్నిగారు షాపుకి వెళ్ళారు.

"ఏ మోటారుకండీ?"

"నీళ్ళ మోటారుకి బాబూ."

"అది సరే, అర హెచ్.పి.యా, ఒకటా? మోడలేంటి?"

మోటారు మీదున్న కాగితం ఎండకీ తడికీ తెల్లబారిపోయి ఏళ్ళయింది. "రెండంతస్తులంటున్నారుగా, ఒక హెచ్.పి. అయ్యుంటుంది. అయినా పాతది, దీనికి సామాను దొరకదు, కొత్తది కొనేయండి" అన్నాడు షాపతను. ఆవిడ ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ మోటారు వివరాలు ఒక్కొక్కటే బయటికి లాగాం. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితైతే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు బిళ్ళ సంగతి

మెయిన్ ఆఫ్ చేసి, మోటారు మీది దుమ్మూ జిడ్డూ పొడిగుడ్డతో తుడవండి. బిళ్ళ కాగితానిదైతే అక్షరాలు పోయినట్టే. రేకు బిళ్ళ అయితే మాత్రం ఆశ వదులుకోకండి. అందులో కొన్ని అంకెలు అచ్చుగుద్ది ఉంటాయి. రంగు పోయినా గుంటలు మిగులుతాయి. టార్చిలైటుని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడండి. అప్పటికీ కనబడకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ బొమ్మ దించేవాళ్ళం చూడండి, అలాగే అంకెలు తేలతాయి.

పంపు పోతపోసిన ఇనుము మీద ఉబ్బెత్తుగా కనిపించే నంబరు చూసి అదే మోడలు అనుకోకండి. చాలాసార్లు అది ఆ పోత అచ్చుకి ఇచ్చిన నంబరు మాత్రమే. రాసిపెట్టుకోండి గానీ దాన్ని నమ్ముకుని సామాను కొనకండి.

పిన్నిగారిది కాగితం బిళ్ళే. అక్కడేమీ దొరకలేదు.

కరెంటు మీటరు చెప్పే సాక్ష్యం

మోటారు ఎన్ని హెచ్.పి.యో మీ కరెంటు మీటరుకి తెలుసు. ఇప్పటి డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. దాని దగ్గరే 3200 imp/kWh అనో, 1600 అనో రాసి ఉంటుంది. ఆ దీపం అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కరెంటు ఖర్చయిందని అర్థం.

ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, వాటర్ ఫిల్టరు, టీవీ అన్నీ ఆపేయండి. దీపం మిణకడం ఆగిందని చూసుకుని మోటారు ఒక్కటే వేయండి. నీళ్ళు ట్యాంకులో పడటం మొదలయ్యాక, గడియారం చూస్తూ ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. మోటారు ఎప్పుడూ ఎక్కించే ట్యాంకుకే ఎక్కించాలి. కిందే గొట్టం విప్పి వదిలేస్తే లెక్క మారిపోతుంది. నీళ్ళు కారుతున్న మోటారైతే తడినేల మీద నిలబడకండి, దాన్ని ముట్టుకోకండి.

పిన్నిగారింట్లో నిమిషానికి 33 సార్లు మిణికింది. గంటకి 33 ఇంటూ 60, అంటే 1980. దాన్ని మీటరు మీదున్న 3200తో భాగిస్తే 0.62 యూనిట్. అంటే మోటారు లాగుతున్నది సుమారు 620 వాట్లు.

ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు కదా, మరి ఇది అరకంటే చాలా ఎక్కువే అనిపిస్తుంది. తికమక ఇక్కడే. బిళ్ళ మీద రాసే హెచ్.పి. మోటారు చేసిపెట్టే పని. వేడిగా కొంత వృథా అవుతుంది కాబట్టి అది లాగే కరెంటు అంతకంటే ఎప్పుడూ ఎక్కువే. ఇళ్ళల్లోని చిన్న మోటార్లలో అర హెచ్.పి.ది సుమారు 500 నుంచి 700 వాట్లు, ఒక హెచ్.పి.ది సుమారు 1000 నుంచి 1300 వాట్లు లాగుతుంది. కాబట్టి పిన్నిగారిది అర హెచ్.పి.! షాపతను ఊహించింది దానికి రెట్టింపు.

మీ లెక్క ఈ రెండిటికీ మధ్యలో వస్తే అది ముప్పావు హెచ్.పి. కావచ్చు, లేదా బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు తాగుతున్న ముసలి మోటారు కావచ్చు. అప్పుడు మెకానిక్ చేత క్లాంప్ మీటరు పెట్టించండి. అపార్టుమెంటు మోటారైతే మీ ఇంటి మీటరు కాదు, కామన్ మీటరు చూడాలి.

పైపు కొలతలో పొరపాటు

పిన్నిగారు టేపు పెట్టి కొలిచి "పైపు ఇంచీంబావు" అన్నారు. చాలామంది చేసే పొరపాటే ఇది. ఒక ఇంచి ఇనుప పైపు మరను పైనుంచి కొలిస్తే సుమారు 33 మిల్లీమీటర్లు, అంటే ఇంచీంబావు పైచిలుకే వస్తుంది. 26 వస్తే ముప్పావు ఇంచి, 42 వస్తేనే ఇంచీంబావు. షాపులో ఇంచి లెక్క కంటే "బయట కొలత 33 మిల్లీమీటర్లు" అని చెప్పడం మేలు.

అయితే పైపు సైజుని బట్టి హెచ్.పి. తేల్చకండి. ఇళ్ళల్లో వాడే అర, ఒక హెచ్.పి. మోటార్లు రెండిటికీ ఒక ఇంచి పైపే ఉండటం మామూలు.

లోపలి సామానుకి పేరు ఉంటుంది

బయటి బిళ్ళ పోయినా లోపలి భాగాల మీద రాతలు చెక్కుచెదరవు. మోటారు పక్కనుండే చిన్న డబ్బాలో కెపాసిటర్ ఉంటుంది. దాని మీద ఎన్ని మైక్రోఫారడ్లో, ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. ఈ మూత మాత్రం మెకానిక్ చేతే తీయించండి. మెయిన్ ఆపినా కెపాసిటర్ షాకు కొట్టగలదు. ఇదివరకెవరైనా దాన్ని మార్చి ఉంటే అప్పుడు సరైనదే వేశారా అని కూడా అడగండి.

బేరింగు మీద 6201, 6202 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. 6202 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు. ఆ నంబరు చెబితే చాలు, మోటారు కంపెనీ పేరుతో పనిలేదు.

సీలు మీద మాత్రం రాత ఉండకపోవచ్చు. అందుకని పాతదాన్నే తీసుకెళ్ళాలి. అది రెండు ముక్కలు. స్ప్రింగుతో ఇరుసు మీద తిరిగేది ఒకటి, రబ్బరు గిన్నెలో కూర్చునే పింగాణీ రింగు ఇంకొకటి. రెండూ పట్టుకెళ్ళి, లోపలి రంధ్రం, రింగు బయటి వెడల్పు రెండూ సరిపోయినదే తీసుకుని, రెండు ముక్కలూ ఒకేసారి మార్పించాలి. పిన్నిగారు ఈసారి మెకానిక్‌తో పాత సీలు తీయించి, పొట్లం కట్టుకుని వేరే షాపుకి వెళ్ళారు. అతను మోడల్ ఊసే ఎత్తకుండా, కొలత చూసి ఇచ్చేశాడు. మోటారు కొనే ఖర్చు తప్పింది.

మోటారు కాలిపోతే మీటరు పరీక్షకి వీలుండదు. కాబట్టి అది బాగా తిరుగుతున్నప్పుడే ఈ లెక్క తీసిపెట్టుకోవాలి. సంపు నీటిమట్టం నుంచి పైట్యాంకు మూతి దాకా ఎత్తు కూడా కొలిచి రాయండి. కొత్తది కొనాల్సివస్తే ముందు చెప్పాల్సింది ఆ ఎత్తే. పిన్నిగారిది 38 అడుగులొచ్చింది. ఆ ఎత్తూ, అర హెచ్.పి., పైపు, కెపాసిటర్, బేరింగు నంబర్లూ అన్నీ ఆవిడ మోటారు స్విచ్చి పక్కన గోడ మీద పెయింటుతో రాయించేశారు. ఎండా వానా తగలని చోటు చూసి మరీ!