బ్రాకెట్ల జోడీ: స్ట్యాకా, టేబులా?

`(`, `)` తప్ప మరో అక్షరం లేని స్ట్రింగ్ ఒకటి ఉందనుకుంటే, అందులో తెరిచిన ప్రతి బ్రాకెట్టూ సరైన వరసలో మూసుకునే అతి పొడవైన వరస తునక ఎంత ఉంటుంది? అడగడానికి ఇంతే. `)()(())(` అనే స్ట్రింగ్‌లో మొదటి `)`, చివరి `(` జోడీ లేనివి. వాటి మధ్య ఉన్న `()(())` మొత్తం సరిపోతుంది కాబట్టి జవాబు 6. కంటితో చూస్తే క్షణం పట్టదు. కానీ స్ట్రింగ్ పొడవు 30,000 అయితే దానిలోని తునకలు సుమారు 45 కోట్లు. ఒక్కొక్కటీ విడిగా పరీక్షించే పద్ధతి అక్కడే చతికిలబడుతుంది. స్ట్రింగ్‌ను ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదివి జవాబు చెప్పే దారులు రెండు ప్రసిద్ధం. ఒకటి స్థానాలను దాచుకునే స్ట్యాక్, రెండోది డైనమిక్ ప్రోగ్రామింగ్ టేబుల్.

ఈ రెండు పనిముట్ల పుట్టుక వేర్వేరు. స్ట్యాక్ మొదటి నుంచీ బ్రాకెట్ల చుట్టమే. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ బవర్, క్లావుస్ సామెల్‌సన్ బ్రాకెట్లున్న గణిత సూత్రాలను యంత్రం వరసగా చదువుతూనే లెక్కగట్టే ఉపాయం కనిపెట్టి 1957లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. చివర పెట్టినదే ముందు బయటికి రావాలన్నది దాని సారం. అంతకు ముందే అలన్ ట్యూరింగ్ తన యంత్రం కోసం ఇలాంటి ఏర్పాటునే 1945 నాటి నివేదికలో రాసుకున్నాడు గానీ, అక్కడ అవసరం వేరు: ఒక ఉపకార్యక్రమం ముగిశాక ఎక్కడికి తిరిగి రావాలో గుర్తుంచుకోవడం. డైనమిక్ ప్రోగ్రామింగ్‌కు బ్రాకెట్లతో పనే లేదు. రాండ్ సంస్థలో రిచర్డ్ బెల్‌మన్ దాన్ని దశలవారీ నిర్ణయాల సమస్యల కోసం తయారుచేశాడు. దానిపై ఆయన పుస్తకం కూడా 1957లోనే వెలువడింది. చిన్న సమస్యల జవాబులు టేబుల్‌లో రాసిపెట్టుకుని, వాటితో పెద్ద సమస్యకు జవాబు కట్టడం అందులోని కిటుకు.

ముందు స్ట్యాక్ సంగతి. బ్రాకెట్లు సరిపోయాయా లేదా అని మాత్రమే తేల్చాలంటే స్ట్యాక్‌లో బ్రాకెట్ గుర్తునే పెట్టవచ్చు. `(` వస్తే పెట్టాలి, `)` వస్తే పైది తీసెయ్యాలి, తీయడానికి ఎప్పుడూ ఒకటి ఉండి, చివరికి ఏమీ మిగలకపోతే సరి. ఒకటే రకం బ్రాకెట్ అయితే స్ట్యాక్ కూడా అక్కర్లేదు, ఒక అంకె చాలు. పొడవు అడిగినప్పుడు మాత్రం ఆ అంకె మోసం చేస్తుంది. `()(()` చూడండి. జోడీ కుదిరినవాటిని లెక్కపెట్టుకుంటూ పోతే రెండు జోడీలు, అంటే 4 వస్తుంది. కానీ ఆ రెండు జోడీల మధ్య స్థానం 2లో ఒక `(` మూసుకోకుండా నిలిచిపోయింది. అవి రెండూ ఒకే తునకలోకి రావు కాబట్టి సరైన జవాబు 2. ఎన్ని జోడీలు కుదిరాయన్నది ముఖ్యం కాదు, కుదరనిది ఎక్కడ అడ్డుపడిందన్నది ముఖ్యం. అందుకే స్ట్యాక్‌లో గుర్తులకు బదులు స్థానాలు పెడతారు.

```python
def by_stack(s):
    st, best = [-1], 0
    for i, c in enumerate(s):
        if c == '(':
            st.append(i)
        else:
            st.pop()
            if st:
                best = max(best, i - st[-1])
            else:
                st.append(i)
    return best
```

ఇందులో చూడవలసినది మొదటే పెట్టిన `-1`. స్ట్రింగ్ మొదలుకాకముందే ఒక గోడ ఉన్నట్టు అది నటిస్తుంది. స్ట్యాక్ అడుగున ఎప్పుడూ ఒక గోడ ఉంటుంది. అది ఆ `-1` అయినా కావచ్చు, జోడీ దొరకని చివరి `)` స్థానమైనా కావచ్చు. దానిపైన ఉన్నవన్నీ ఇంకా మూసుకోని `(` స్థానాలు. ఒక `)` వచ్చి పై స్థానాన్ని తీసేశాక స్ట్యాక్ ఖాళీ కాలేదంటే, ఇప్పుడు పైన కనిపిస్తున్నది కుడివైపు నుంచి మొదటి అడ్డంకి. దాని తరువాతి అక్షరం నుంచి ఇక్కడిదాకా అంతా సరిపోయినదే కాబట్టి `i - st[-1]` నేరుగా పొడవు అవుతుంది. తీయగానే స్ట్యాక్ ఖాళీ అయితే పోయినది గోడే, అంటే ఈ `)` జోడీ లేనిది. అప్పుడు ఇదే కొత్త గోడ. పాత గోడను పారేసినా నష్టం లేదు, ఎందుకంటే ఇకముందు వచ్చే ఏ తునకా ఈ కొత్త గోడను దాటి ఎడమకు పోలేదు.

టేబుల్ పద్ధతి మరోలా ఆలోచిస్తుంది. ప్రతి స్థానం `i` దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుంటుంది: సరిగ్గా ఇక్కడ ముగిసే తునకల్లో పొడవైనది ఎంత? ఆ జవాబే `dp[i]`. `(` దగ్గర ఏ తునకా ముగియదు కాబట్టి అక్కడ 0. `)` అయితే, ముందటి స్థానంలో ముగిసిన తునకను దాటి దాని ఎడమ పక్కన ఏముందో చూడాలి. ఆ స్థానాన్ని `j` అందాం. అక్కడ `(` ఉంటే జోడీ కుదిరింది. లోపలి తునక పొడవుకు ఈ జోడీ తాలూకు 2 కలపాలి. అంతటితో ఆగకుండా, `j`కి ఆనుకుని ఎడమవైపు ముగిసిన తునక ఉంటే దాన్నీ కలుపుకోవాలి.

```python
def by_table(s):
    dp, best = [0] * len(s), 0
    for i in range(1, len(s)):
        if s[i] == ')':
            j = i - dp[i-1] - 1
            if j >= 0 and s[j] == '(':
                dp[i] = dp[i-1] + 2
                if j > 0:
                    dp[i] += dp[j-1]
                best = max(best, dp[i])
    return best
```

తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ చివరి కలపడంలోనే. `dp[j-1]` మరిచిపోతే ఒకదాంట్లో ఒకటి ఇమిడిన బ్రాకెట్లకు జవాబు బాగానే వస్తుంది, పక్కపక్కన ఉన్నవాటికి చెడుతుంది. `(())`కు 4 అని సరిగ్గా చెప్పిన ప్రోగ్రామే `()()`కు 2 అంటుంది. పరీక్షకు `()()` ఒక్కటి ఇస్తే ఈ లోపం పట్టుబడుతుంది. రెండో తప్పు ఇంకా మెత్తగా దాక్కుంటుంది. `j >= 0` అన్న కాపలా తీసేస్తే పైథాన్ ఆగిపోదు, ఎందుకంటే ఆ భాషలో `s[-1]` అంటే చివరి అక్షరం. `())(`లో స్థానం 2 దగ్గర `j` విలువ -1 అవుతుంది. చివరనున్న `(` దీనికి జోడీ అనుకుని ప్రోగ్రాం నింపాదిగా 4 అని జవాబిస్తుంది. అసలు జవాబు 2.

మొదటి ఉదాహరణను రెండు పద్ధతుల్లోనూ పక్కపక్కన నడిపిస్తే అసలు విశేషం బయటపడుతుంది. `)()(())(`కు టేబుల్ ఇలా నిండుతుంది. కింది వరసలో `i` నుంచి `dp[i]` తీసేసిన విలువ ఉంది.

```
i         0  1  2  3  4  5  6  7
s         )  (  )  (  (  )  )  (
dp[i]     0  0  2  0  0  2  6  0
i-dp[i]   0  1  0  3  4  3  0  7
```

స్థానం 6 దగ్గర జరిగేది చూద్దాం. `dp[5]` 2 కాబట్టి `j` = 6 − 2 − 1 = 3. అక్కడ `(` ఉంది. లోపలి 2, ఈ జోడీ 2, ఎడమన ఆనుకున్న `dp[2]` విలువ 2, మొత్తం 6. ఇప్పుడు స్ట్యాక్ వైపు. స్థానం 0లోని `)` రాగానే `-1` పోయి గోడగా 0 నిలిచింది. 1 ఎక్కి, 2 దగ్గర దిగింది. 3, 4 ఎక్కాయి. స్థానం 5 దగ్గర 4 దిగింది, 6 దగ్గర 3 దిగింది. చివర 7 ఎక్కింది. ప్రతి అడుగు తరువాత స్ట్యాక్ పైన ఉన్న స్థానాలను వరసగా రాస్తే 0, 1, 0, 3, 4, 3, 0, 7. టేబుల్ కింది వరస అక్షరాలా ఇదే.

ఇది కాకతాళీయం కాదు. `(` వచ్చినప్పుడు స్ట్యాక్ పైన `i` ఉంటుంది, `dp[i]` 0, తేడా `i`యే. జోడీ లేని `)` వచ్చినా అంతే, అది గోడగా పైకొస్తుంది, దాని `dp` కూడా 0. జోడీ కుదిరిన `)` దగ్గర మాత్రం కాస్త చూడాలి. టేబుల్ వెతికే `j` అంటే `(i-1) - dp[i-1]`, అంటే ముందటి అడుగు తరువాత స్ట్యాక్ పైనున్న స్థానమే. స్ట్యాక్ దాన్ని తీసేశాక కింద బయటపడేది, `j` ఎక్కకముందు పైన ఉన్నది. టేబుల్ భాషలో అది `(j-1) - dp[j-1]`. `dp[j-1]`ను కలపడమంటే తీసేసిన దాని కింద ఏముందో చూడటమే. మరిచిపోతే తప్పు జవాబు ఎందుకొస్తుందో ఇక్కడ తెలిసిపోతుంది. స్ట్యాక్‌లో ఆ పని `pop` తనంతట తానే చేస్తుంది కాబట్టి మరిచిపోయే వీలు లేదు.

కాబట్టి రెండూ ఒకే లెక్క. తేడా అంతా ఏది గుర్తుంచుకుంటాయి, ఏది పారేస్తాయి అన్న దాంట్లో ఉంది. సమయం రెండింటికీ స్ట్రింగ్ పొడవుకు తగ్గట్టే పెరుగుతుంది. స్ట్యాక్‌లో ప్రతి స్థానం ఒకసారికి మించి ఎక్కదు, ఒకసారికి మించి దిగదు. టేబుల్‌లో ప్రతి గడికీ మహా అయితే రెండు మూడు చూపులు చాలు. చోటు విషయంలో దారులు వేరవుతాయి. 30,000 అక్షరాల `()()()…` స్ట్రింగ్‌కు స్ట్యాక్ ఎత్తు ఎప్పుడూ 2 దాటదు, టేబుల్ మాత్రం 30,000 గడులూ నింపుతుంది. అదే పొడవున్న `((((…`కు స్ట్యాక్ కూడా 30,001కి పెరుగుతుంది. పైగా స్ట్యాక్‌కు గడిచిన అక్షరాలతో పని లేదు, ఒక్కొక్క అక్షరం వచ్చి వెళ్లిపోతున్నా జవాబు నిలుస్తుంది. టేబుల్ వెనక్కి తిరిగి `s[j]` చూడాలి కాబట్టి స్ట్రింగ్ మొత్తం దగ్గరుండాలి.

అంత చోటు తీసుకున్నందుకు టేబుల్ ఊరికే ఉండదు. ప్రతి స్థానంలో ముగిసే పొడవైన తునక ఎంతో, `i-dp[i]+1` నుంచి అది ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడడిగినా చెబుతుంది. సరిపోయే తునకలు మొత్తం ఎన్ని అన్న ప్రశ్నకూ ఇదే అల్లిక పనికొస్తుంది. `i` దగ్గర ముగిసేవి `j-1` దగ్గర ముగిసేవాటికన్నా ఒకటి ఎక్కువ. పై ఉదాహరణలో స్థానం 2 దగ్గర 1, 5 దగ్గర 1, 6 దగ్గర 2, మొత్తం 4. `[`, `]` లాంటి మరో రకం బ్రాకెట్లు చేరినా టేబుల్ పద్ధతికి పెద్ద మార్పు అక్కర్లేదు. `s[j]` సరైన రకమా అని చూస్తే చాలు, కాకపోతే గడిలో 0 ఉండిపోతుంది. పైన ఇచ్చిన స్ట్యాక్ మాత్రం ముందే తీసేసి తరువాత ఆలోచిస్తుంది కాబట్టి `(]`నూ జోడీగా ఒప్పుకుంటుంది. దాన్ని సరిదిద్దాలంటే తీయకముందే రకం చూసి, కలవకపోతే `i`ని కొత్త గోడగా పెట్టాలి. అప్పుడు అది కూడా స్ట్రింగ్‌లోకి తొంగి చూడాలి, లేదంటే స్థానంతో పాటు గుర్తునూ దాచుకోవాలి.

తరువాతి కథ చిన్నది. సరిజోడైన బ్రాకెట్ల స్ట్రింగులన్నిటినీ కలిపి, మ్యూనిక్‌కే చెందిన గణితవేత్త వాల్టర్ వాన్ డిక్ పేరిట డిక్ భాష అంటున్నారు. ఈ ప్రశ్న లీట్‌కోడ్‌లో 32వ సమస్యగా, కఠినం అన్న గుర్తుతో ఉంది. పొడవొక్కటే కావాలంటే స్ట్యాక్, టేబుల్ రెండూ అక్కర్లేని మూడో దారీ ఉంది. తెరిచినవెన్ని, మూసినవెన్ని అని రెండు అంకెలు పెట్టుకుని ఎడమ నుంచి నడవాలి. రెండూ సమానమైనప్పుడల్లా పొడవు రాసుకోవాలి, మూసినవి మించిపోతే రెండింటినీ 0 చేయాలి. `(()` లాంటి చోట అవి ఎప్పటికీ సమానం కావు కాబట్టి, తెరిచేవి మూసేవాటి పాత్రలు మార్చి కుడి నుంచి మరోసారి నడవాలి. చోటు రెండు అంకెలకు కుదించుకుపోతుంది. అందుకు బదులుగా స్ట్రింగ్‌ను రెండుసార్లు చదవాలి, బ్రాకెట్లు ఒకటే రకానివై ఉండాలి. రకాలు పెరిగితే `([)]`లో లెక్క సరిపోయినా వరస సరిపోదు, ఆ సంగతి అంకెలకు తెలియదు. అక్కడ మళ్లీ స్ట్యాక్‌కో టేబుల్‌కో రావలసిందే.