పై హోదానా, పక్క కుర్చీయా?

మాదాపూర్‌లోని ఒక ఐటీ కంపెనీలో డెలివరీ మేనేజరుగా ఉన్న నలభై ఏళ్ల మహిళను ఉదాహరణగా అనుకుందాం. చేరి 4 సంవత్సరాల 2 నెలలైంది. సీటీసీ 32 లక్షలు. వేరే కంపెనీ సీనియర్ మేనేజర్ హోదాతో 40 లక్షలు ఇస్తానంది. అదే సమయంలో సొంత కంపెనీ కూడా కబురు పెట్టింది. గ్రేడు మారదు, జీతం మారదు. ఇన్నాళ్లూ చూసిన మెయింటెనెన్స్ ప్రాజెక్టు వదిలి, ఒక బ్యాంకు క్లయింటు అకౌంటు తీసుకోవాలి. అక్కడ మనుషులతో పాటు లాభనష్టాల లెక్క కూడా ఆమెదే.

ఎనిమిది లక్షలు ఎక్కువొస్తూ, హోదా కూడా పెరుగుతుంటే ఇంకా ఆలోచన దేనికని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ ఎనిమిది లక్షలు ఎందులో ఎంత ఉన్నాయో ముందు చూడాలి.

ఇప్పటి 32 లక్షల్లో ఖాయంగా చేతికొచ్చే జీతం 27 లక్షలు. మిగిలింది కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే. కొత్త ఆఫర్‌లోని 40 లక్షల్లో ఖాయమైన జీతం 30 లక్షలే. వేరియబుల్ పే 5 లక్షలు, అది కంపెనీ ఫలితాలను బట్టి వస్తుంది. జాయినింగ్ బోనస్ 2 లక్షలు ఒక్కసారే, అదీ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. అంటే ఖాయమైన పెంపు ఏడాదికి 3 లక్షలు, నెలకు 25 వేలు. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి పన్ను పోగా మిగిలేది 17 వేల చిల్లర.

మరోవైపు, రెగ్యులర్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. మూడు నెలల నోటీసు పీరియడ్ కలిపినా ఆమెకు 4 సంవత్సరాల 5 నెలలే అవుతుంది. నెలకు బేసిక్ లక్షా పాతిక వేలు అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, అయిదేళ్లతో గుణిస్తే దాదాపు 3 లక్షల 60 వేలు. ఇప్పుడు వెళ్తే అది పోతుంది. మొదటి ఏడాది ఖాయమైన పెంపు మొత్తం అందులోనే కలిసిపోయింది.

డబ్బు సంగతి ఇలా ఉంటే, పని సంగతి ఇంకా లోతైనది. వార్టన్ స్కూల్ ప్రొఫెసర్ మాథ్యూ బిడ్వెల్ ఒక అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రికార్డులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించారు. లోపలి నుంచి ప్రమోషన్‌పై వచ్చినవారికంటే, అదే స్థాయి పనికి బయటినుంచి వచ్చినవారికి దాదాపు 18 శాతం ఎక్కువ జీతం దక్కింది. అయితే మొదటి రెండేళ్లు వాళ్ల రేటింగులు తక్కువగా ఉన్నాయి, ఉద్యోగం పోయే అవకాశం 61 శాతం ఎక్కువగా తేలింది. ఆ దశ గట్టెక్కినవారికి మాత్రం తర్వాతి ప్రమోషన్ త్వరగానే వచ్చింది.

హార్వర్డ్ ప్రొఫెసర్ బోరిస్ గ్రోయిస్‌బర్గ్ వాల్‌స్ట్రీట్‌లోని పేరున్న అనలిస్టులపై చేసిన పరిశోధన దీనికి కారణం చూపిస్తుంది. సంస్థ మారాక చాలామంది పనితీరు పడిపోయింది. సొంత ప్రతిభ అనుకున్నదాంట్లో పాత సంస్థ మనుషులు, పద్ధతులు, పరిచయాల వాటా పెద్దది. తమ జట్టుతో కలిసి వెళ్లినవారికి ఆ దెబ్బ తగల్లేదు.

కాబట్టి ఆమె వేసుకోవాల్సిన అసలు ప్రశ్న ఇది: గత రెండేళ్లలో తాను సాధించిన పెద్ద పనుల్లో, పాత టీమ్ లీడ్లూ ఫైనాన్స్‌లో తెలిసినవాళ్లూ లేకుండా ఎన్ని జరిగేవి? జవాబు "సగానికి తక్కువే" అయితే, కొత్తచోట కొత్త హోదానూ కొత్త మనుషులనూ ఒకేసారి మోయాల్సి వస్తుంది.

ఆ బరువు ఎంతో ఇంటర్వ్యూలోనే కొంత తెలుస్తుంది. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ముందున్నవాళ్లు ఎన్నాళ్లు ఉన్నారు, టీమ్‌లోకి మనుషులను తీసుకునే అధికారం ఎవరిది, బడ్జెట్ ఎవరి చేతిలో ఉంది అని అడగాలి. ఇద్దరు మనిషిని మించి ఆ కుర్చీలో నిలవలేదంటే, లేదా బడ్జెట్ ఊసెత్తగానే జవాబు నసిగితే, అది విజిటింగ్ కార్డులో మాత్రమే పెరిగిన హోదా.

పక్కకు జరగడంలోనూ చిక్కు ఉంది. కొత్త బాసు ఆమె పని చూడకముందే అప్రైజల్ వచ్చి, రేటింగు సగటు దగ్గర ఆగిపోవచ్చు. రమ్మన్న పెద్ద మేనేజరే ఆర్నెల్లలో వెళ్లిపోవచ్చు. నోటిమాట అప్పుడు పనికిరాదు. ఏ అప్రైజల్లో, ఏ ఫలితాలు చూసి గ్రేడు పరిశీలిస్తారో ఈమెయిల్లో రాయించుకోవాలి.

ఈ ఉదాహరణలో బ్యాంకు అకౌంటుదే పైచేయి. రెండేళ్ల తర్వాత రెజ్యూమెలో "లాభనష్టాల బాధ్యత" అన్న కొత్త పంక్తి చేరుతుంది, గ్రాట్యుటీ కూడా దక్కుతుంది. బయటి కంపెనీ ఖాయమైన జీతాన్ని 34 లక్షలకు పెంచి, పోయే గ్రాట్యుటీకి సరిపడా జాయినింగ్ బోనస్ ఇచ్చి, బడ్జెట్ అధికారాన్ని ఆఫర్ లెటర్లో రాస్తే లెక్క తిరగబడుతుంది. రాజీనామా పెట్టకముందే ఆ మూడూ అడగాలి. నోటీసు మొదలయ్యాక బేరమాడే బలం తగ్గిపోతుంది.